సోమవారం పొద్దున్నే వచ్చే కడుపునొప్పి

నేను మన బ్రాంచ్ సిక్ రూమ్‌లో నర్సుని. వీక్లీ టెస్ట్ ఉన్న సోమవారం, మొదటి పీరియడ్ అయ్యేలోపే ముగ్గురు నలుగురు పిల్లలు పొట్ట పట్టుకుని నా దగ్గరికి వస్తారు. ఇంటికి ఫోన్ చేస్తే తరచూ వినే మాట ఒకటే: "పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకం మేడమ్." నాటకం కాదండి, ఆ నొప్పి నిజమే.

భయపడినప్పుడు మెదడు నుంచి వెళ్ళే సంకేతాల వల్ల జీర్ణాశయం నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తిన్న ఇడ్లీ అక్కడే ఉండిపోయి వికారం పుడుతుంది. అదే సమయంలో పెద్దపేగు మాత్రం వేగంగా కదులుతుంది. నీటిని పీల్చుకునే వ్యవధి దొరకక మోషన్ పల్చగా అవుతుంది. పేగు గట్టిగా ముడుచుకున్నప్పుడల్లా మెలిపెట్టినట్టు ఉంటుంది. పేగుల నుంచి మెదడుకు కూడా నరాలు కబుర్లు మోస్తాయి. కాబట్టి నొప్పి వల్ల భయం, భయం వల్ల నొప్పి పెరుగుతూ పోతాయి.

ఎనిమిదో తరగతి బాబు ఒకడు ఇలాగే వచ్చేవాడు. నొప్పి ఏ రోజు, ఎన్నింటికి వచ్చింది, మోషన్ ఎలా ఉందీ రెండు వారాలు రాయమని వాళ్ళమ్మగారికి చెప్పాను. మూడుసార్లు వచ్చింది: రెండు సోమవారాలు, ఒక ప్రోగ్రెస్ కార్డు రోజు. మూడుసార్లూ ఉదయం ఆరున్నర, ఎనిమిది మధ్యనే. ఆదివారం బిర్యానీ తిన్నా ఏమీ కాలేదు. మెల్లగా అడిగితే అసలు సంగతి చెప్పాడు. పరీక్ష కన్నా, 40 నిమిషాల బస్సు ప్రయాణంలో మోషన్ వస్తే ఎలా అన్నదే వాడి భయం.

అందుకని వాడిని అరగంట ముందు లేపి, టిఫిన్ తొందరగా పెట్టమన్నాం. తిన్నాక పెద్దపేగు సహజంగానే కదులుతుంది కాబట్టి, హడావిడి లేకుండా బాత్రూమ్‌కి వెళ్ళే సమయం దొరికింది. బస్సులో నాలుగు లెక్కపెడుతూ పొట్ట ఉబ్బేలా గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం నేర్పాను. ఇలా ఐదు నిమిషాలు చేస్తే చాలు. క్లాసులో అడగకుండానే బయటికి వెళ్ళేందుకు టీచర్ ఒప్పుకున్నారు. నెల తిరిగేసరికి నొప్పి పూర్తిగా పోలేదు గానీ, టెస్ట్ మానడం ఆగింది.

మీ ఇంట్లోనూ ఇలా ఉంటే ముందు రెండు వారాలు రాసి చూడండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ స్కూల్ మాన్పించకండి. ఆ రోజుకు హాయిగా ఉన్నా, మరుసటి సోమవారం భయం ఇంకా పెరుగుతుంది. మోషన్లు ఆపే మాత్రలు డాక్టర్ చెప్పకుండా వేయకండి.

ఒక్క జాగ్రత్త. రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి, మోషన్‌లో రక్తం, బరువు తగ్గడం, జ్వరం ఉంటే టెన్షన్ ఖాతాలో వేయకుండా డాక్టర్‌కి చూపించండి. వాంతులు ఆగకపోయినా, బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.