రెజ్యూమేలో అభిరుచులకు చోటుందా?

డిగ్రీ పూర్తిచేసిన పిల్లల రెజ్యూమేలు చూసినప్పుడల్లా చివర ఒకే వరుస మాకు కనిపిస్తూ ఉంటుంది: ‘అభిరుచులు: పుస్తకాలు చదవడం, సంగీతం వినడం, క్రికెట్, ప్రయాణాలు.’ ఇందులో తప్పేమీ లేదు. కాని అందరూ రాసే మాటలే గనుక ఆ అభ్యర్థి గురించి చదివేవారికి కొత్తగా ఏమీ తెలియదు. అందుకే కొందరు ఆ శీర్షికనే తీసివేయమంటారు. ఉద్యోగానుభవంతో పేజీ నిండిపోయిన వారి విషయంలో అది సబబే. చదువు తప్ప చూపించుకొనేందుకు మరేమీ లేని పిల్లలకు మాత్రం, తాము చేసిన పనికి సాక్ష్యం ఆ వరుసలోనే దొరకవచ్చు.

మా చెల్లెలి కుమారుడు బి.కాం. ముగించి, మందుల హోల్‌సేల్ దుకాణంలో అకౌంట్స్ సహాయకుని ఉద్యోగానికి దరఖాస్తు రాసుకొన్నాడు. బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించడం, వసూళ్లను బ్యాంకు పద్దులతో సరిచూడటం, తేడా వస్తే వెతికి పట్టుకోవడం అక్కడి పని. అతని కాగితంలోనూ ‘క్రికెట్’ అనే ఉంది. “నువ్వు ఆడతావా?” అని అడిగాము. “లేదు మామూ, రెండేళ్లుగా మా మొహల్లా జట్టుకు స్కోరు రాస్తున్నాను” అన్నాడు.

ఆడటం వేరు, స్కోరు రాయడం వేరు. స్కోరు పుస్తకంలో ప్రతి పరుగూ రెండు వైపుల నుండి లెక్కకు రావాలి. ఒక ఇన్నింగ్స్‌లో బ్యాటర్ల పరుగులు 104, అదనపు పరుగులు 16 అనుకొందాము. మొత్తం 120. ఆ 16లో వైడ్లు 9, నోబాల్స్ 2, బైలు 3, లెగ్‌బైలు 2. వైడ్లు, నోబాల్స్ బౌలరు ఖాతాలో పడతాయి. బైలు, లెగ్‌బైలు పడవు. కాబట్టి బౌలర్లందరూ ఇచ్చిన పరుగులు కలిపితే 115 రావాలి. దానికి ఆ 5 కలిపితే మళ్లీ 120. ఎక్కడైనా తేడా వచ్చిందంటే ఏదో ఒక బంతి నమోదు తప్పిందన్నమాట. ఓవరు తరువాత ఓవరు వెనక్కి వెళ్లి వెతకాలి. ఆవర్జాల నిల్వలన్నీ తెచ్చి అంకణా సరిచూసే గుమాస్తా చేసేది కూడా ఇదే.

అందుకని ‘క్రికెట్’ అన్న మాట తీసివేయించి ఇలా రాయించాము: ‘మొహల్లా క్రికెట్ జట్టుకు 2 సంవత్సరాలుగా స్కోరరు, ప్రతి ఇన్నింగ్స్ చివర బ్యాటింగ్, బౌలింగ్ లెక్కలు సరిపోల్చడం.’

రెండవ వరుస దగ్గర అతను తటపటాయించాడు. రమజాన్‌లో మస్జిద్ ఇఫ్తార్ చందాల జమాఖర్చులు తానే రాస్తాడు. “మస్జిద్ అని రాయవచ్చునా మామూ?” అని అడిగాడు. పేరు చూడగానే తెలిసే సంగతిని దాచి ప్రయోజనం లేదని, అయితే అక్కడ ముందుగా కనబడవలసింది చేసిన పని అని చెప్పాము. ‘మస్జిద్ ఇఫ్తార్ నిధికి నెలరోజుల జమాఖర్చులు, రసీదులతో సహా కమిటీకి అప్పగించడం’ అని రాశాడు. ఇతరుల సొమ్ముకు లెక్క చెప్పిన అనుభవం డబ్బు అప్పగించవలసిన యజమానికి పనికివచ్చే సమాచారమే.

ఇవే వరుసలు మరో ఉద్యోగానికి పనికిరాకపోవచ్చు. మందులు అమ్మిపెట్టే ప్రతినిధి ఉద్యోగమైతే, స్కోరు పుస్తకం కన్నా ఆ చందాల కోసం దుకాణం దుకాణం తిరిగి మాట్లాడిన సంగతి ముందుకు రావాలి. అందువల్ల ముందు ప్రకటనలో అడిగిన పనిని చదివి, దానిలో భాగమైన పని తన ఖాళీ సమయంలో ఎక్కడ చేశాడో చూసుకోవాలి. ఏదీ తగలకపోతే ఆ శీర్షిక లేకపోయినా లోటు లేదు. నిర్ణీత నమూనాలో నింపే దరఖాస్తులో ఆ గడి లేకపోతే, ఇరికించే ప్రయత్నమూ వద్దు.

రాసినది నిజమై ఉండాలన్నది నీతి మాత్రమే కాదు, ఇంటర్వ్యూ అవసరం కూడా. ‘పుస్తక పఠనం’ అని రాసినవాడిని ఈమధ్య ఏం చదివావని అడుగుతారు. మా వాడిని అడిగిన ప్రశ్న ఇంకా లోతైనది: “రెండు వైపులా మొత్తాలు కలిస్తే ఇక తప్పు లేనట్లేనా?” కాదన్నాడు. ఒక బ్యాటరు తీసిన పరుగు మరొకరి పేరున పడినా మొత్తం మారదు. ఒక ఖాతాదారు చెల్లింపు వేరొకరి ఖాతాలో జమ అయినా అంకణా కలుస్తుంది. కనుక పేర్లు కూడా విడిగా సరిచూడాలని చెప్పాడు. ఉద్యోగం ఆ ఒక్క వరుస వల్లనే వచ్చిందని మేము అనము. కాని ఆ ప్రశ్న పుట్టింది ఆ వరుస నుండే. దానికి జవాబు చెప్పగలిగింది రెండేళ్లు నిజంగా ఆ పుస్తకం రాసినందువల్లనే.