నాన్న లాకర్ కోసం ఉత్తరం

నాన్న లాకర్‌కి నామినీ లేరు. అందుకే బ్యాంకుకి రాసిన ఉత్తరంలో ఊరికే "లాకర్ తెరవండి" అనలేదు. బయటివాళ్లు ఇద్దరు సాక్షులుగా ఉండగా తెరిచి, ఉన్నవన్నీ జాబితా రాసి, అందరం సంతకాలు చేశాక ఒక కాపీ మాకివ్వమన్నాను. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అమ్మా చెల్లీ సంతకం చేసిన అంగీకార పత్రం జతచేశాను. తాళంచెవి మా దగ్గరే ఉందనీ రాశాను.

ఒక సంగతి చాలామందికి తెలియదు. లోపల సీలు వేసిన కవర్లుంటే బ్యాంకువాళ్లు విప్పాల్సిన పనిలేదు, రిజర్వ్ బ్యాంక్ నిబంధన అది. విప్పకపోతే జాబితాలో "సీలు వేసిన కవరు" అనే ఉంటుంది. కాబట్టి ఇంట్లో విప్పేటప్పుడూ చెల్లి పక్కనుండాలి (మా ఇంటి సంగతి నాకు తెలుసు కదా!).

పత్రాలన్నీ అందాక బ్యాంకు 15 రోజుల్లో మా క్లెయిమ్ సంగతి తేల్చాలి. అందుకే నా కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను.