నార్మల్ అని రాసిన ఆ రిపోర్టు

చాలా రోజుల నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఉన్నాం. పోయిన ఏడాది వానాకాలంలో మా రూమ్‌లో జరిగిన సంగతి ఇది. మేం నలుగురం సికింద్రాబాద్‌లో ఒకే రూమ్‌లో ఉంటున్నం. అందరిదీ ఏజెన్సీనే. ఎవరికి జరిగిందో వాని పేరు రాయట్లేదు. తమ్ముడు అనే అంటాం. రాయమని చెప్పింది కూడా వాడే.

తమ్ముడు పండక్కి ఊరికి పోయొచ్చిన పది రోజులకు చలిజ్వరం పట్టింది. రక్తపరీక్షలో వైవాక్స్ మలేరియా అని వచ్చింది. అప్పుడు హిమోగ్లోబిన్ 13.2. మూడు రోజులు క్లోరోక్విన్, దాంతోపాటు రోజుకు 15 మిల్లీగ్రాముల ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోమన్నరు. వైవాక్స్‌కు మన దగ్గర మామూలుగా ఇచ్చే వైద్యమే ఇది. వైవాక్స్ పురుగు కాలేయంలో నిద్రపోయి నెలల తర్వాత మళ్ళీ లేస్తది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నదాన్ని చంపుతది గానీ కాలేయంలో దాక్కున్నదాని జోలికి పోదు. ఆ పని ప్రైమాక్విన్‌ది.

మూడో రోజు సాయంత్రానికి జ్వరం తగ్గింది. కానీ వాడు బాత్రూమ్ నుంచి బయటికొచ్చి "అన్నా, ఒకసారి వచ్చి చూడు" అన్నడు. మూత్రం పాలు పోయని టీ డికాక్షన్ రంగులో ఉంది. తెల్లారేసరికి కళ్ళు పచ్చబడ్డయ్. నడుము నొప్పి, మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రికి తీసుకపోతే మూత్రంలో ముంచే పట్టీ రక్తం ఉన్నట్టు చూపింది. మైక్రోస్కోపులో చూస్తే మాత్రం ఒక్క ఎర్ర కణం కూడా కనపడలేదు. అంటే కణాలు రక్తనాళాల్లోనే పగిలి, లోపలి ఎర్ర రంగు మాత్రమే మూత్రంలోకి వస్తున్నదన్నమాట. ఐదో రోజుకు హిమోగ్లోబిన్ 6.1. ప్రైమాక్విన్ ఆపి రెండు సీసాల రక్తం ఎక్కించిన్రు. ఆ తర్వాతి రోజు జి6పిడి పరీక్షకు పంపిన్రు.

జి6పిడి అనేది మన కణాల్లో ఉండే ఒక ఎంజైమ్. ఎర్ర రక్తకణానికి ఇదే గొడుగు. కొన్ని మందులు ఒంట్లోకి పోయినప్పుడు కణం లోపల తుప్పు పట్టించేలాంటి పదార్థాలు పుడతయ్. వాటిని చల్లార్చే సరుకును తయారు చేయడానికి ఈ ఎంజైమ్ కావాలి. మిగతా కణాలకు వేరే దారులు కూడా ఉన్నయ్, ఎర్ర కణానికి ఇదొక్కటే దారి. ఎంజైమ్ తక్కువుంటే హిమోగ్లోబిన్ పాడై ముద్దకడుతది, కణం పగిలిపోతది.

రిపోర్టు వచ్చింది. 6.6. ఆ ల్యాబ్ హద్దులు 6.4 నుంచి 12.9. పక్కన "నార్మల్" అని ఉంది. మేం ఊపిరి పీల్చుకున్నం. డిశ్చార్జి కాయితంలో కూడా జి6పిడి నార్మల్ అనే రాసిన్రు. ఎవర్నీ తప్పుపట్టడానికి ఇది రాస్తలేం, ఆ రోజు ప్రాణం నిలబెట్టింది వాళ్ళే.

ఏడు వారాలకు మళ్ళీ చలిజ్వరం. నిద్ర లేచిందన్నమాట. ఈసారి వేరే క్లినిక్. అక్కడి డాక్టర్ సార్ పాత కాయితం చూసి, జి6పిడి నార్మలే కాబట్టి ప్రైమాక్విన్ 14 రోజులు పూర్తిగా వేసుకోవాల్సిందే అన్నరు. కాయితం ప్రకారం చూస్తే ఆయన చెప్పింది కరెక్టే. చీటీ తీసుకుని మందుల షాపుకు పోతూ, నర్సింగ్ చదివే మా సీనియర్ అక్కకు పాత రిపోర్టులు ఫోటో తీసి పంపినం. పది నిమిషాల్లో ఫోన్. "ప్రైమాక్విన్ కొనకండిరా. ఆ రోజు రెటిక్ ఎంతుందో చూసిన్రా? 14 శాతం. పైగా రక్తం ఎక్కించినంక తీసిన శాంపిల్ అది" అన్నది.

మాకేం అర్థం కాలేదు. సాయంత్రం రూమ్‌కు వచ్చి తీరిగ్గా చెప్పింది. అప్పటి నుంచి మేం కూడా చదువుకున్నం.

ఎర్ర కణం బతికేది దాదాపు 120 రోజులు. మూలుగలో పుట్టేటప్పుడే దానికి కావలసిన ఎంజైమ్ అంతా నింపి పంపుతది. బయటికొచ్చిన కణంలో కేంద్రకం ఉండదు కాబట్టి కొత్త ఎంజైమ్ తయారు చేసుకోలేదు. తెచ్చుకున్న సద్దిమూటే చివరిదాకా. రోజులు గడిచేకొద్దీ తరుగుతది. మామూలు మనిషిలో నిదానంగా తరుగుతది, ముసలి కణంలో కూడా పని నడిచేంత మిగులుతది. లోపం ఉన్న చాలామందిలో ఆ ఎంజైమే గట్టిగా ఉండదు. లేత కణంలో ఓ మోస్తరుగా ఉన్నా తొందరగా విరిగిపోతది, ముసలి కణంలో దాదాపు ఏం మిగలదు.

ఇప్పుడు ప్రైమాక్విన్ పడిందనుకోండి. ముందు పగిలేవి ముసలి కణాలు. లోపాన్ని పట్టిచ్చే సాక్షులు అవే, అవే మూత్రంలో కొట్టుకపోతయ్. మిగిలేవి లేత కణాలు. దానికి తోడు రక్తం తగ్గిందని మూలుగ గాబరాగా కొత్తవాటిని దించుతది. అప్పుడే పుట్టిన ఆ కణాలనే రెటిక్ అని లెక్కబెడతరు. మామూలుగా 2 శాతం లోపు ఉంటయ్, తమ్మునికి ఆ రోజు 14. వీటి సద్దిమూట ఇంకా విప్పనే లేదు. ఇగ ఎక్కించిన రెండు సీసాల్లో ఉన్నది ఎవరో దాత ఎంజైమ్. ఈ మొత్తం కలిపి కొలిస్తే 6.6 వచ్చింది. ఆ అంకెలో తమ్ముని అసలు రక్తం ఎంతుందో ఎవరు చెప్తరు?

అక్క ఇంకో మాట చెప్పింది, అది మాకు బాగా నచ్చింది. మామూలు మనిషికి రెటిక్ 14 శాతం ఉంటే జి6పిడి హద్దు పైఅంచునో, దాటో ఉండాలి. అంత లేత రక్తంలో కూడా కింది గీత మీదనే నిలబడిందంటే అదే అనుమానించాల్సిన సంగతి. క్రైసిస్‌లో తక్కువ వస్తే నమ్మొచ్చు. నార్మల్ వస్తే మాత్రం లోపం లేదని తేల్చలేం.

ఈ కిటుకు 1950లలోనే బయటపడిందట. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం స్టేట్‌విల్ జైల్లో ఖైదీల మీద మలేరియా మందులు పరీక్షించేటోళ్ళు. (ఖైదీల ఒప్పుకోలు ఎంత ఒప్పుకోలో మీకు తెలుసు, అది వేరే పోస్టు.) ప్రైమాక్విన్ పడని కొందరు నల్లజాతి ఖైదీల కణాలకు రేడియో క్రోమియం గుర్తు పెట్టి, ఆ మందు పడే మనిషికి ఎక్కించి మందు ఇస్తే ఆ కణాలే పగిలినయ్. లోపం కణంలోనే ఉందని అట్ల తేలింది. మందు ఆపకుండా ఇస్తూ పోతే కొన్నాళ్ళకు పగలడం దానంతటదే తగ్గింది. ముసలివి అయిపోయి లేతవే మిగిలినయ్ కాబట్టి. 1956లో కార్సన్, ఆల్వింగ్ బృందం ఆ కొరత జి6పిడిదేనని చెప్పింది. అట్లని మందు కొనసాగిస్తే సర్దుకుంటదని ఎవరూ అనుకోవద్దు. కొన్ని రకాల లోపంలో లేత కణాల్లో కూడా ఎంజైమ్ ఉండదు, వాళ్ళకు ఆగదు.

తమ్మునికి రెండోసారి జ్వరానికి క్లోరోక్విన్ ఒక్కటే ఇచ్చి, ప్రైమాక్విన్ పక్కన పెట్టిన్రు. రక్తం ఎక్కించి మూడు నెలలు దాటి, జ్వరం పూర్తిగా పోయి, రెటిక్ 1.2కు వచ్చినంక నాలుగో నెలలో అదే ల్యాబ్‌లో మళ్ళీ పరీక్ష. ఈసారి 1.6. పది భాగాలు ఉండాల్సిన చోట రెండు భాగాలు కూడా లేదు.

మరి కాలేయంలో దాక్కున్నదాని సంగతేంది? దానికి దారి ఉంది. లోపం ఉన్నోళ్ళకు ప్రైమాక్విన్‌ను రోజూ కాకుండా వారానికొకసారి, కిలోకు 0.75 మిల్లీగ్రాముల లెక్కన, 8 వారాలు, డాక్టర్ కనుసన్నల్లో ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. తమ్ముడు 60 కిలోలు, కాబట్టి వారానికి 45. మొదటి డోసుకు హిమోగ్లోబిన్ 13 నుంచి 11.2కు దిగింది, తర్వాత నిలబడ్డది. ప్రతి వారం రక్తం చూపించుకున్నడు, మూత్రం రంగు మాకు రిపోర్ట్ చేసిండు. దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మింగొద్దు.

ఇక చిక్కుడు గోల. నెట్‌లో ఎవరో ఫావా బీన్స్ అంటే చిక్కుడు అని రాసిన్రు. అంతే, మా మెస్ అక్క నెల రోజులు తమ్మునికి చిక్కుడు కూర వడ్డించలేదు, అనపగింజలు కూడా బంద్. అవి వేరు. ఫావా అంటే ఉత్తరాదిలో బాక్లా అనే లావు గింజ. ఈజిప్టులో దాన్ని వండి ఫూల్ అంటరు, అక్కడి ఫలాఫెల్ కూడా దాంతోనే. అందులో ఉండే వైసిన్, కన్‌వైసిన్ అనే పదార్థాలు కడుపులో విడిపోయి ప్రైమాక్విన్ చేసే పనే చేస్తయ్. మన చిక్కుడు వేరే జాతి మొక్క, దాంతో భయం లేదు. సిటీలో అరబ్బీ వంటలు తినేటప్పుడు మాత్రం ఏ గింజో అడగండి. మనకు అసలు చూసుకోవాల్సినవి మందులు. ప్రైమాక్విన్, కుష్ఠుకు ఇచ్చే డాప్సోన్, మూత్రంలో మంటకు రాసే నైట్రోఫ్యురాంటోయిన్. బట్టల్లో వేసే కలరా ఉండలు పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.

ఇది మన గ్రూపులో ఎందుకు రాస్తున్నమంటే, ఈ లోపం మలేరియా ఉన్న నేలల్లోనే ఎక్కువ. 1995లో వచ్చిన ఒక పరిశోధనలో మన దేశపు గిరిజన సమూహాల్లో ఎక్కువగా కనపడే రకానికి జి6పిడి ఒరిస్సా అని పేరు పెట్టిన్రు. మలేరియా దోమ నుంచి వస్తదని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మా సికింద్రాబాద్ బేగంపేటలోనే. ఆ బిల్డింగ్ ముందు నుంచే కాలేజీకి పోతం. ఆ సంగతి మూడేళ్ళు చదువుకున్నం గానీ, మలేరియా మందు ఎవరికి పడదో ఒక్క పాఠంలో రాలేదు.

ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తది, కాబట్టి తల్లి నుంచి కొడుకుకు. తమ్ముడు ఇంటికి ఫోన్ చేసి అడిగితే వాళ్ళమ్మ చెప్పింది, మేనమామకు చిన్నప్పుడు జ్వరం గోళీలు మింగినంక పసిరికలై, నల్లగా మూత్రం పోసిండట. పసరు తాగించిన్రు, బతికిండు. ఆడోళ్ళలో లెక్క ఇంకా చిక్కు. కొన్ని కణాలు మంచివి, కొన్ని లోపంవి కలిసి ఉంటయ్. అందుకే ఉందా లేదా మాత్రమే చెప్పే పరీక్షలో చెల్లె నార్మల్ అని రావచ్చు, అంకె ఇచ్చే పరీక్షే అడగాలి.

తమ్ముని పర్సులో ఇప్పుడు ఒక అట్టముక్క ఉంది. 1.6 అంకె, పరీక్ష తేదీ, ఆ రోజు రెటిక్, పడని మందుల పేర్లు. పాత "నార్మల్" కాయితాన్ని చింపలేదు. దాని మీద ఎర్ర పెన్నుతో "రక్తం ఎక్కించినంక తీసింది, రెటిక్ 14" అని రాసి ఫైల్‌లోనే పెట్టిండు. వచ్చే వారం వాని చిన్న తమ్ముణ్ణి పరీక్షకు తీసుకొస్తున్నరు. వానికి ఇప్పుడు ఏ జ్వరమూ లేదు, అందుకే ఇప్పుడే తెమ్మన్నం.