పెనం గురించి నాలుగు నిజమైన మాటలు

సంగారెడ్డి ప్రాంతపు వంటిళ్ళలో జొన్నరొట్టె ఎప్పుడో ఒకనాడు చేసుకునే వంటకం కాదు. పటాన్‌చెరు, పాశమైలారం కర్మాగారాలకు మొదటి షిఫ్టుకు వెళ్ళేవారి డబ్బాల్లోకి అది తెల్లవారకముందే చేరుతుంది. అందువల్ల ఇక్కడ పెనం గురించి రాయడం తేలిక కాదు. చదివే ఇల్లాలికి ఆ వస్తువు గురించి రాసేవారికన్నా ఎక్కువే తెలిసి ఉంటుంది.

మా అక్క కూతురు పటాన్‌చెరులో చిన్న పాత్రల దుకాణం నడుపుతోంది. పోత ఇనుప పెనాలతో పాటు ఇవ్వడానికి ఒక కరపత్రం రాసి నాకు చూపింది. “అత్యుత్తమ నాణ్యత, ఘుమఘుమలాడే రుచి, ఆరోగ్యానికి వరం, ప్రతి ఇంటికీ తప్పనిసరి” అని అందులో ఉంది.

“బేటీ, ఈ మాటలనే మిక్సీ మీద అంటిస్తే అతకవా?” అని అడిగాను.

“అతుకుతాయి ఖాలా” అని నవ్వింది.

వస్తువు మారినా మారనవసరం లేని మాట ఆ వస్తువు గురించిన మాట కాదు. అందుకే మేము కాగితం పక్కన పెట్టి, పెనాన్ని పొయ్యి మీద పెట్టాము. చేతికి, చెవికి, కంటికి తెలిసినదే రాయాలని నియమం పెట్టుకున్నాము.

మొదట చేతికి తెలిసింది బరువు. తూచితే 2 కిలోలకు కాస్త పైన ఉంది. “దృఢమైనది” అనే మాటకు బదులు ఆ తూకమే రాశాము. మణికట్టు నొప్పి ఉన్న పెద్దమ్మ ఆ అంకె చూసి, ఇది తనకు తగదని తానే గ్రహించగలదు.

తరువాత చెవికి తెలిసింది వేడి. రెండు నిమిషాలకు నీటిచుక్క చల్లితే, పడినచోటే చుయ్‌మని ఇగిరిపోయింది. ఐదారు నిమిషాల తరువాత చల్లిన చుక్కలు పూసల్లా పెనమంతా దొర్లాయి. అప్పుడు మంట తగ్గించి రొట్టె వేశాము. జొన్నపిండికి గోధుమపిండి సాగుడు లేదు. పెనం చాలినంత వేడెక్కకపోతే రొట్టె అంటుకుంటుంది, తీయబోతే చిరుగుతుంది. పైగా రొట్టె పైభాగాన తడిచేత్తో నీళ్ళు పూస్తాము. పలుచని రేకు పెనం ఆ తడికి త్వరగా చల్లబడుతుంది. మందపాటి ఇనుము ఆలస్యంగా వేడెక్కినా, ఆ వేడిని నిలుపుకుంటుంది. ఈ కారణం చెప్పిన తరువాత “అద్భుతం” అనే మాటకు పని లేకపోయింది.

ఇంద్రియాలకు తెలిసిన మాటలన్నీ నిజమైనవి కావని కూడా అక్కడే తేలింది. “ఘుమఘుమ” ముక్కుకు తెలిసేదే. కాని ఆ వాసన కాలిన జొన్నపిండిది, పెనానిది కాదు. పిండికి, వండే చేతికి చెందవలసిన ఘనతను ఇనుముకు కట్టబెట్టరాదు. “ఆరోగ్యానికి వరం” కూడా తీసివేశాము. ఇనుప పాత్రలో పులుపు ఉన్న కూర ఉడికితే కొంత ఇనుము దిగుతుంది. నూనె పట్టిన పెనం మీద క్షణాల్లో కాలే పొడి రొట్టెకు ఆ మాట వర్తింపజేయడం న్యాయం కాదు.

ఇక లోపాలు. తడిగా వదిలితే మరునాటికి తుప్పు మరకలు వస్తాయి. చింతపండు పులుసు కాస్తే నూనె పట్టిన నల్లని పొర ఊడుతుంది. కాలుతున్న పెనం మీద చన్నీళ్ళు పోసినా, బండ మీద జారవిడిచినా పగలవచ్చు. ఇవి రాస్తే ఎవరు కొంటారని ఆ అమ్మాయి సందేహించింది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని కనుగొన్న ఉదంతం మన ఇళ్ళలో అందరికీ తెలిసినదే. ఆ తడిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన వర్తకుణ్ణి ప్రశ్నించారు. మా పెనానికి ఆ తడి ఈ తుప్పే. దానిని కూడా పైనే ఉంచాలి.

చివరకు కరపత్రం ఇలా తయారైంది:

“పోత ఇనుప పెనం. బరువు 2 కిలోలకు కాస్త పైన. రెండు చేతులతో దించుకోండి. వేడెక్కడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. పిండి కలిపేటప్పుడే పొయ్యి మీద పెట్టండి. నీటిచుక్కలు పూసల్లా దొర్లితే మంట తగ్గించి మొదటి రొట్టె వేయండి. ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వరుసగా ఎనిమిది రొట్టెలు కాల్చవలసిన ఇంటికి ఇది పనికివస్తుంది. ఒకే ఒక రొట్టె కోసమైతే పలుచని పెనం త్వరగా వేడెక్కుతుంది. పులుసు కాయకండి. కడిగిన వెంటనే తుడిచి, పొయ్యి మీద ఆరబెట్టి, పలుచగా నూనె రాయండి. నూనె ఎక్కువైతే జిగురు కడుతుంది. తుప్పు పడితే రుద్ది కడిగి, ఆరబెట్టి, పలుచని నూనెపూతతో పొగ వచ్చేదాకా కాల్చండి. మూడు నాలుగు సార్లు చేస్తే మళ్ళీ నల్లబడుతుంది.”

ఇందులో పొగడ్త ఒక్కటీ లేదు. మిక్సీ మీద అంటిస్తే అతికే వాక్యమూ ఒక్కటీ లేదు.