బెండకాయ కొస విరిచే ముందు తొడిమ చూడండి

ఈసారి మందుల గురించీ ధరల గురించీ కాదు, బెండకాయ కొనడం గురించి, కోయడం గురించి రాస్తున్నా. పండించేవాళ్ళకి కొనడం నేర్పుతావా అని నవ్వకండి. మన పంట లేని నెలల్లో మనమూ మార్కెట్లో కొంటాం. పైగా కొనేవాళ్ళు ఏం చూస్తారో తెలిస్తే మన కోత కూడా బాగుపడుతుంది. నాకు ఈ సంగతి ఒక పెద్దావిడ మాటలు పడ్డాకే తెలిసింది.

పోయిన వేసవిలో 30 సెంట్లలో బెండ వేశా. రోజు మార్చి రోజు కోసి రైతుబజారుకి తీసుకెళ్ళేవాణ్ణి. మధ్యలో మా మేనకోడలి పెళ్ళి వచ్చింది. ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఒక కోత తప్పిపోయింది. తిరిగొచ్చి నాలుగో రోజు కోస్తే చేను నిండా కాయలే. మామూలుగా 40 కిలోలు వచ్చేది ఆ రోజు 60 దాటింది. అందులో జానెడు కాయలూ ఉన్నాయి, వేలెడు కాయలూ ఉన్నాయి. ఏరడానికి ఓపిక లేక అన్నీ కలిపి సంచుల్లో వేశా. నిజం చెప్పాలంటే ఓపిక లేకపోవడం ఒక్కటే కాదు, ఏరితే ముదురు కాయలు ఎవరు కొంటారన్న ఆశ కూడా ఉంది.

ఒక పెద్దావిడ కిలో తీసుకుంది. రెండు కాయల కొసలు విరిచి చూసింది, రెండూ టక్కుమన్నాయి. మళ్ళీ సంతకి ఆవిడ కవరుతో సహా వచ్చింది. "ఏమయ్యా, విరిచి చూసే కదా కొన్నాను. ఇంటికెళ్ళి కోస్తే సగం కాయలు పీచు. ఉన్నవాటిని వండితే కూరంతా జిగురు. మా ఆయన కంచం పక్కకి నెట్టేశాడు" అంది. చుట్టూ నలుగురు నిలబడి వింటున్నారు. "ఒకే చేలో కాయలేనండీ" అన్నా గానీ నా గొంతు నాకే వినపడలేదు. ఇంకో కిలో మంచివి ఏరి ఊరికే ఇచ్చి పంపించా. ఆవిడ తెచ్చిన కవరు మాత్రం ఇంటికి పట్టుకొచ్చా.

ఆ కవర్లో కాయలు నేల మీద పోసి చూస్తే అర్థమైంది. మనం "పాత కాయ" అని ఒక్క మాట అనేస్తాం గానీ అందులో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి చెట్టు మీదే ముదిరిన కాయ. ఇది ఇవాళ పొద్దున్నే కోసినా పీచే. రెండోది లేతగా ఉన్నప్పుడే కోసి, తర్వాత నిల్వ ఉండి వాడిపోయిన కాయ. ఈ రెండింటికీ పరీక్షలు వేరు. ఒకదానికి పెట్టాల్సిన పరీక్ష రెండోదానికి పెడితే మోసపోతాం.

ముదురు సంగతి ముందు చెబుతా. పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకి బెండకాయ కోతకి వస్తుంది. రెండు రోజులు ఆలస్యం చేస్తే లోపల పీచు కడుతుంది, గింజ గట్టిపడుతుంది. కొస విరిచే పరీక్ష దీనికే పనికొస్తుంది. లేతదైతే టక్కున విరిగి ముక్క చేతికి వస్తుంది. ముదిరితే వంగుతుంది, నలుగుతుంది, విరిగినా నారలు వేలాడతాయి. కాయ పొడవు చూసి మాత్రం తీర్పు చెప్పకండి. కొన్ని హైబ్రిడ్లు పొడుగ్గా సాగినా లేతగానే ఉంటాయి. నీళ్ళు సరిగా అందని చేలో పొట్టి కాయ కూడా ముదిరిపోయి ఉంటుంది.

విరవకుండా తెలుసుకోవడానికి ఇంకో దారి ఉంది. కాయ కింది సగంలో అంచుని బొటనవేలి గోటితో మెల్లగా నొక్కండి. లేతదైతే గోరు దిగుతుంది. ముదురుదైతే గోరు జారుతుంది, లోపల చెక్క తగిలినట్టు ఉంటుంది. కాయ నడుమ పట్టుకుని వేళ్ళతో కొద్దిగా ఒత్తితే గింజలు బుడిపెల్లా తెలిసినా అది ముదిరిందనే లెక్క.

ఇక నిల్వ కాయ. దీన్ని పట్టించేది తొడిమ. పొద్దున కోసిన కాయకి తొడిమ తెగిన చోట తెల్లగా, కాస్త పచ్చగా, తడిగా ఉంటుంది. నిన్నటిదైతే అక్కడ ఎండి గోధుమ రంగు తిరుగుతుంది. మూడు రోజులదైతే నల్లబడి ముడుచుకుపోతుంది. కాయ మీద నీళ్ళు చల్లి మెరిపించొచ్చు గానీ ఎండిన తొడిమ మళ్ళీ పచ్చబడదు. తొడిమ కొసని మళ్ళీ కోసి తాజాగా చూపించే అవకాశం ఉంది కాబట్టి అంచులు కూడా చూడండి. నిల్వ కాయకి ముందు అంచులే నల్లబడతాయి. నూగు ఇంకో గుర్తు. బెండ కోసినవాళ్ళకి చేతులు దురద పెట్టేది ఆ నూగు వల్లే. తాజా కాయని రాస్తే నూగు గరగరలాడుతుంది. సంచుల్లో పొర్లి చేతులు మారిన కాయ నున్నగా అయిపోతుంది. కొన్ని రకాలకి పుట్టుకతోనే నూగు తక్కువ. అందుకే నూగు ఒక్కదాన్నే నమ్మకండి, తొడిమతో కలిపి చూడండి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. లేతగా ఉండి వాడిన కాయ కొస కూడా విరగదు, రబ్బరులా వంగుతుంది. దాన్ని ముదురనుకుని వదిలేస్తారు. అది వండితే తినొచ్చు, పీచు ఉండదు, కాకపోతే ఆ రోజే వండెయ్యాలి. అటు ముదురు కాయేమో తొడిమ తాజాగా, ఒళ్ళు బిగువుగా ఉండి భలే నమ్మిస్తుంది. ఆ పెద్దావిడ కవర్లో ఉన్నవన్నీ అలాంటివే. కొన్నప్పుడు తొడిమ తాజా, గోరు పెడితే చెక్క. ఆవిడ విరిచిన రెండూ వేలెడు కాయలు కాబట్టి విరిగాయి. రాశిలో చిన్నా పెద్దా కలిసి ఉంటే పెద్దదాన్ని పరీక్షించాలి. అది లేతదైతే మిగతావి కూడా లేతగా ఉండే అవకాశం ఎక్కువ.

అమ్మేవాడిగా ఇంకో మాట. ప్రతి కాయ కొసా విరవకండి. విరిచిన చోట సాయంత్రానికి నల్లబడుతుంది, ఆ కాయని ఇక ఎవరూ ముట్టుకోరు. రాశిలో పెద్దవి ఒకటి రెండు విరవండి, మిగతావి గోటితో, కంటితో చూసుకోండి. విరిచినవి మీ సంచిలోనే వేసుకోండి.

ఇప్పుడు ఆవిడ రెండో ఫిర్యాదు, జిగురు. పీచు నా తప్పే, ఒప్పుకుంటా. కానీ జిగురు కాయ తప్పు కాదు, నా తప్పూ కాదు. లేత కాయలో కూడా జిగురు ఉంటుంది. జిగురుంది కాబట్టి పాత కాయ అనుకోవద్దు. కాయ గోడలో ఉండే ఆ జిగురు కోసిన చోట బయటికి వస్తుంది. దానికి నీళ్ళు తగిలితే పీల్చుకుని ఉబ్బి తీగలు సాగుతుంది. అంటే తడి ఎంత తగ్గితే జిగురు అంత తగ్గుతుంది.

ఇది నేను పాడుచేసుకునే నేర్చుకున్నా. మా అమ్మాయి కాన్పుకని మా ఇంటావిడ నెల రోజులు వెళ్ళినప్పుడు వంట నా నెత్తిన పడింది. వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తారు కదా అని బెండకాయ కూడా కోసి నీళ్ళలో వేసి కడిగా. గిన్నెలో నీళ్ళు గంజిలా అయ్యాయి. ఆ ముక్కలే బాండీలో వేసి, ఉప్పు వేసి, మూత పెట్టా. మూత తీస్తే గరిటెతో పాటు కూరంతా లేచొచ్చింది. ఫోన్ చేసి చెబితే మా ఇంటావిడ, "కోసిన బెండకాయ ఎవరైనా కడుగుతారా? వంకాయకి నీళ్ళు కావాలి, బెండకాయకి నీళ్ళు పడవు" అని నవ్వింది. తర్వాత ఆమె చెప్పినట్టు చేస్తే కూర పొడిపొడిగా వచ్చింది. ఆ పద్ధతే రాస్తున్నా.

అరకిలో కాయలు తీసుకోండి. తొడిమలతోనే, కోయకుండా, రెండు మూడు నీళ్ళలో రుద్ది కడగండి. మందు కొట్టే పంట కాబట్టి కడగడం మానొద్దు, కాకపోతే కోయక ముందే కడగాలి. తొడిమ ఉంటే నీళ్ళు లోపలికి పోవు. తర్వాత పొడి గుడ్డతో ఒక్కో కాయా తుడిచి, పళ్ళెంలో ఒక వరసగా పరిచి అరగంట ఫ్యాన్ కింద ఉంచండి. అంచుల మధ్య పల్లంలో తడి దాక్కుంటుంది, అక్కడ వేలు పెట్టి చూడండి. రాత్రే కడిగి ఆరబెట్టుకుంటే పొద్దున కోసుకోవడం ఇంకా సులువు.

కత్తిపీట గానీ చాకు గానీ, చెయ్యి గానీ తడిగా ఉండకూడదు. పది కాయలు కోసేసరికి కత్తికి జిగురు అంటుతుంది. దాన్ని నీళ్ళతో కడగకుండా పొడి గుడ్డతో తుడవండి. ముందుగా కత్తికి ఒక చుక్క నూనె రాసినా అంటుకోదు. ముక్క అర అంగుళానికి తగ్గకుండా కోయండి. ఎన్ని కోతలు పడితే అన్ని చోట్ల జిగురు బయటికి వస్తుంది. పులుసుకైతే ఇంకా పెద్దగా, రెండంగుళాల ముక్క. సన్నగా తరగడం ఎక్కువ నూనెలో కరకరలాడేలా వేయించేటప్పుడే బాగుంటుంది, అక్కడ తడి వెంటనే ఆరిపోతుంది కాబట్టి. కోస్తున్నప్పుడే పుచ్చులు ఏరెయ్యండి. పైకి కనపడని పురుగు ముక్క తెగాకే బయటపడుతుంది. కోసిన ముక్కలు గిన్నెలో కుప్ప పోయకుండా పళ్ళెంలో పరిచి పావుగంట ఆరనివ్వండి.

వెడల్పు బాండీలో మూడు నాలుగు చెంచాల నూనె బాగా కాగాక ముక్కలు వేయండి. మూత పెట్టకండి, ఆవిరి మళ్ళీ నీళ్ళై ముక్కల మీద పడుతుంది. మొదటి మూడు నాలుగు నిమిషాలు గరిటె పెట్టకండి. ముక్కలు రంగు తిరిగి తీగలు తెగాక, దించే ముందు ఉప్పు వేయండి. ముందే వేస్తే ఉప్పు ముక్కలోంచి నీళ్ళు లాగుతుంది. అప్పటికీ తీగలు కనపడితే పులుపు తగలాలి. కాస్త చింతపండు రసమో పుల్ల పెరుగో ఒక చెంచా వేసి మంట పెంచితే తెగుతాయి. పులుసుకి కూడా ముక్కలు ముందు నూనెలో మగ్గించి, ఆ తర్వాతే చింతపండు పులుసు పోయాలి. ఇంత చేసినా జిగురు పూర్తిగా పోదు, తగ్గుతుంది. చారెడు జిగురు కూడా పడనివాళ్ళు బెండకాయ వేపుడే చేసుకోవడం మంచిది.

పెద్దావిడ మూడో వారం మళ్ళీ వచ్చింది. ఈ కోసే పద్ధతంతా ఆవిడకి చెప్పా. "కడిగి కోస్తావా, కోసి కడుగుతావా అని ముందే అడగొచ్చుగా" అని నన్నే అంది. ఇప్పుడు నా దగ్గర రెండు గంపలు ఉంటున్నాయి. చేలోనే, కోస్తూనే గోరు పెట్టి ఏరేస్తున్నా. ముదురువి మార్కెట్‌కి ఎక్కవు, గేదెలకి వేస్తున్నా. పెళ్ళి తర్వాత కోతలో అవి 14 కిలోల దాకా ఉండేవేమో, వాటికి ఆశపడి అందరి ముందు మాట పడ్డా. కోసిన కాయల మీద నీళ్ళు పోసి సంచి మూతి కట్టడం కూడా మానేశా. లోపల ఉడికి అంచులు నల్లబడుతున్నాయి. నీడలో గంపలో పోసి, పైన తడిపి పిండిన గోనె కప్పి తీసుకెళ్తున్నా.

కోత ఒక్కటి తప్పితే తర్వాతి కోత మొత్తం ఏరుకోవాల్సిందే. పెళ్ళిళ్ళ నెలల్లో బెండ వేసిన వాళ్ళు ఊరెళ్ళే ముందు పక్క చేనాయనకి ఒక కోత అప్పజెప్పి వెళ్ళండి. కాయలు ఆయనే అమ్ముకున్నా పరవాలేదు, చెట్టు మీద ముదరనివ్వకండి.