రెండు సొరబుర్రలు

మా నేస్తం పెళ్లి 2002 ఎండాకాలంలో అయింది. మాది చింతూరు వైపు, శబరి ఒడ్డున ఊరు. ఆమెను ఇచ్చింది చర్ల వైపు. అప్పుడు రెండూ ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. 2014లో మా మండలం ఆంధ్రలో కలిసింది, వాళ్లది తెలంగాణలో ఉండిపోయింది. ఇప్పుడు ఆమెను చూడాలంటే నేను రాష్ట్రం దాటాలి. బస్సు మాత్రం ఎప్పటిలాగే భద్రాచలంలోనే మారాలి.

పెళ్లికూతురికి నేస్తాలు ఏదో ఒకటి పెట్టడం మా దగ్గర మామూలే. పూసల దండో, వెండి పట్టీలో, చెవులకు దుద్దులో కొంటారు. నేను అప్పుడే టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి డీఎస్సీ కోసం ఎదురుచూస్తున్నాను. చేతిలో పైసా లేదు. చిన్నప్పటినుంచి ఒకే ఆశ్రమ పాఠశాలలో ఒకే దుప్పటి కప్పుకున్న పిల్లకు ఏం పెట్టాలో తెలియక మా పెద్దమ్మ దగ్గర కూర్చుని ఏడ్చినంత పనిచేశాను.

పెద్దమ్మ కోయలో అన్న మాట తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "అక్కడ చేను మగోళ్లది. ఏం వెయ్యాలో దాన్ని ఎవరూ అడగరు. పెరడు మాత్రం దానిది. మొదటి వానకి పెరట్లో వేసుకోడానికి అది పోయి అత్తని గింజలు అడుక్కోవాలా?"

సంక్రాంతి ముందు ఆ మాట అంది. పెళ్లి ఎండాకాలంలో కాబట్టి సమయం ఉంది. జొన్న కోతకి ముందే నన్ను చేలోకి తీసుకుపోయింది. గట్టు పక్క మొక్కల్ని వదిలేసి చేను నడిమధ్యన ఉన్నవాటిలో ఏపుగా ఎదిగి, గింజ నిండా పట్టి, పురుగు, తెగులు లేని కంకులు ఏరించింది. చిక్కుడు తీగకు నడిమి కాపులో కొన్ని కాయల్ని కోయకుండా వదిలేయించింది. తీగమీదే ఎండి, చేత్తో ఊపితే గలగలమనేదాకా ఆగాం. బొబ్బర్లూ అలాగే.

బుర్రలది ఇంకో పని. కాయ తీగమీదే ముదిరి, గోరు గుచ్చితే దిగకుండా ఉండాలి. లేతగా కోసిన కాయ ఎండలో ముడతలుపడి కుళ్లిపోతుంది. మెడ దగ్గర బొటనవేలు పట్టేంత కన్నం చేసి, నీళ్లు పోసి వారం రోజులు ఉంచితే లోపలి గుజ్జు కుళ్లుతుంది. ఆ వాసన చెప్పనలవి కాదు, ఇంటి వెనక పెట్టినా పక్కింటావిడ తిట్టింది. తర్వాత గులకరాళ్లు వేసి ఊపి ఊపి కడిగి, ఎండబెట్టి, పొయ్యి మీద ఉట్టికి వేలాడదీశాం. నెల రోజుల పొగకి బుర్ర గోధుమరంగు తిరిగి రాయిలా అయింది.

గింజల్ని చాపమీద పలచగా పోసి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తుతూ అయిదారు ఎండలు ఎండబెట్టాం. సరిపోయిందో లేదో తెలుసుకోడానికి పెద్దమ్మ పంటితోనే చూసేది. కొరికితే కటుక్కున రెండు ముక్కలవ్వాలి. పన్ను దిగి గాటు పడిందంటే ఇంకా తడి ఉన్నట్టు. చివరి ఎండ తర్వాత గింజ వేడిగా ఉన్నప్పుడు నింపకూడదు, రాత్రంతా నీడన చల్లారాలి. వేడిమీద మూస్తే లోపల చెమట పడుతుంది. నాలుగు సోలల గింజకి ఒక సోల చొప్పున జల్లించిన కట్టెల బూడిద కలిపి, బుర్ర నిండా కుదించి పోసి, మొక్కజొన్న బెండుతో బిరడా పెట్టి, పేడా బంకమట్టీ కలిపి మెత్తింది.

అది ఒక బుర్ర. అందులో అడుగున చిక్కుడు, పైన జొన్న, మధ్యలో గుడ్డ.

రెండో బుర్ర నేనే నింపాను. నాకు ఆ బూడిద నచ్చలేదు. పెళ్లికూతురికి పెట్టేది బూడిద కలిపి ఇస్తామా? అందరూ మెరిసే వస్తువులు పెడుతుంటే నాది తెరిచేసరికి బొగ్గులపొయ్యిలా ఉంటే ఎంత నామోషీ! పెద్దమ్మ సంతకి వెళ్లిన రోజు బొబ్బర్లని కడిగినట్టు శుభ్రంగా చెరిగి, చాపమీద కాలుతున్నవి కాలుతున్నట్టే పోసేసి, బుర్ర చుట్టూ పసుపు రాసి ఎర్ర దారం కట్టాను. చూడ్డానికి చాలా ముద్దుగా ఉంది.

పెళ్లి ముందురోజు ఇచ్చాను. మా నేస్తం నవ్వి ఒళ్లో పెట్టుకుంది. వాళ్ల చిన్నమ్మ మాత్రం, "ఆ ఊళ్లో గింజలు పుట్టవా ఏంటి?" అంది.

తొలకరి పడ్డాక ఆమె మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు చీర కొంగులో మూట విప్పి చూపించింది. నా బొబ్బర్లే. ప్రతి గింజకీ గుండ్రటి కన్నం, కొన్నింటికి రెండు మూడు. పట్టుకుంటే పిండి రాలుతోంది. పెద్దమ్మ ఒక గింజ వెలుతురులో పెట్టి చూపించింది. పొట్టుమీద తెల్లటి చుక్కలు, ఆవగింజలో నాలుగోవంతు ఉంటాయేమో. అవి పురుగు గుడ్లు. పురుగు బుర్రలో పుట్టలేదు, చేలో కాయమీదే గుడ్డు పెట్టి గింజతోపాటు ఇంటికొచ్చింది. గింజ నుంచి గింజకి పాకకుండా సందుల్ని పూడ్చేది, పురుగు ఒంటిని గీరి ఎండగట్టేది ఆ బూడిదే. నేను తీసేసింది దాన్నే. నింపేముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి అయిదు రోజులు ఉంచి, ఎన్ని మొలిచాయో లెక్కపెట్టినా పనికొచ్చేది కాదు, ఆ రోజుకి అన్నీ మొలిచేవే మరి.

"నీ పసుపు బుర్ర చెడింది, పెద్దమ్మ బూడిద బుర్ర బతికింది" అని మా నేస్తం ఇప్పటికీ ఏడిపిస్తుంది.

బతికినదాంట్లో చిక్కుడు ఆమె పెరటి కంచె మీద ఎగబాకింది. అత్తింటివాళ్లది మిర్చి చేను. ఎరువుకీ మందుకీ షావుకారు దగ్గర తెచ్చి, కాయ అమ్మి తీర్చడమే. ఒక ఏడు తెగులొచ్చి మొక్కలు ముడుచుకుపోయాయి. ఆ ఏడు ఇంట్లో కూర, సంతకి పోవడానికి చేతి డబ్బు ఆ కంచెమీదనుంచే వచ్చాయని చెప్పింది. చిక్కుడు అమ్మిన డబ్బులకి ఎవరికీ లెక్క చెప్పలేదట. అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, మేమిద్దరమే ఉన్నా.

జొన్న మాత్రం నిలవలేదు. గింజ మంచిదే, బాగా మొలిచింది, కంకి కూడా పెద్దది వేసింది. కానీ ఆ చుట్టుపక్కల జొన్న వేసింది ఆమె ఒక్కతే. మా ఊళ్లో అందరి చేలూ ఒకేసారి పాలు పోసుకునేవి కాబట్టి పిట్టలు తలా కాస్త తినేవి. అక్కడ ఉన్న పిట్టలన్నీ ఆ నాలుగు సాళ్లమీదే పడ్డాయి. మంచె వేసి కాయడానికి నాలుగు సాళ్లకి ఎవరు ఒప్పుకుంటారు? మూడో ఏటికి విత్తనం కూడా మిగల్లేదు.

నాకు ఉద్యోగం వచ్చి ఊరు విడిచాను. పెద్దమ్మ పోయింది. మా చేలల్లోకి పత్తి వచ్చింది. ఒకసారి చిక్కుడు పండుగకి ఊరెళితే, పండుగలో పెట్టిన చిక్కుళ్లు సంతలో కొన్నవి. ఆ రాత్రే మా నేస్తానికి ఫోన్ చేశాను.

ఆమె తనే వచ్చింది, అదే బుర్రతో. పొగకి నల్లగా నిగనిగలాడుతోంది. బిరడా తీసి చాపమీద వంచితే బూడిదే ముందు పడింది. దాన్ని ఊదితే కింద చిక్కుడు గింజలు, రెండు సోలలుంటాయి. ఒకటి తీసి నా నోట్లో పెట్టి కొరకమంది.

"జొన్న అడక్కే," అంది. "అది నావల్ల కాలేదు."

ఈ వేసవిలో నేను ఎవరి దగ్గరైనా ఆ పాత జొన్న ఉందేమోనని శబరి అవతలి ఊళ్లలో అడుగుతున్నాను. దొరికితే ఈసారి ఒక్కదానికి ఇవ్వను. కనీసం అయిదారు ఇళ్లవాళ్లు పక్కపక్క చేలల్లో ఒకే వారంలో చల్లడానికి ఒప్పుకోవాలి. ఇప్పటికి ఇద్దరు ఒప్పుకున్నారు.