శనివారం పుట్టిన క్వామే, శుక్రవారం పుట్టిన శుక్రా

జయపురంలో మా తాతగారి పొలంలో పనిచేసిన శుక్రా గురించి ఇంతకుముందు రాశాను కదా. శుక్రవారం పుట్టాడు కాబట్టి శుక్రా. కొరాపుట్ వైపు సోమా, బుధ్రా, గురు, శనియా, అన్నీ వారాల పేర్లే. మాకు చిన్నప్పుడు అందులో వింతేమీ కనిపించలేదు.

ఘనాలోని అకన్ జనాల్లో ఇది ఇంకా కచ్చితం. శుక్రవారం మగపిల్లాడు కోఫీ, ఆడపిల్ల అఫియా. శనివారమైతే క్వామే, అమా. ఆ పేరు ఎవరూ ఆలోచించి పెట్టేది కాదు, పుట్టిన వారంతో ఆత్మకి తోడుగా వచ్చేదని వాళ్ల నమ్మకం. తల్లిదండ్రులు ఎంచిన పేరు దాని పక్కన చేరుతుంది. ఐక్యరాజ్యసమితి కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న కుమాసిలో పుట్టారు. క్యాలెండర్ తీసి చూశాను, శుక్రవారమే! మధ్యలో ఉన్న అట్టా అంటే కవల అని. అన్నన్ అంటే నాలుగోవాడు, కానీ అది ఇంటిపేరైపోయింది కాబట్టి ఆయన ఎన్నో సంతానమో దాన్నిబట్టి చెప్పలేం. వారం పేరు మాత్రం ప్రతి బిడ్డకీ కొత్తగానే వస్తుంది.

అసలు తమాషా క్వామే ఎన్‌క్రూమా దగ్గర ఉంది. ఘనా మొదటి ప్రధాని ఈయనే. బాప్తిస్మం ఇచ్చిన పాదిరీ ఆయన పుట్టినరోజు 1909 సెప్టెంబర్ 21 అని రాసుకున్నాడు. అది మంగళవారం. మంగళవారం పుడితే క్వాబెనా కావాలి గానీ క్వామే ఎలా అవుతాడు? పాదిరీ అంచనాకి రాసిన తేదీ అది. ఎన్‌క్రూమా తన ఆత్మకథలో ఈ లెక్క తనే వేసుకున్నారు: పుట్టింది సెప్టెంబర్ మధ్యలో, ఒక శనివారం. ఆ ఏడాది ఆ దగ్గరలో ఉన్న శనివారం 18వ తేదీ. కాగితం కన్నా పేరునే నమ్మారు. అయితే ఏడాది మాత్రం పేరులో లేదుగా.

మన సోమయ్య, మంగమ్మలతో ఈ పని చెయ్యలేం. సోమయ్య సోమవారం పుట్టి ఉండొచ్చు, లేదా సోమేశ్వరుడి మొక్కు కావచ్చు. మంగమ్మ అంటే అలమేలుమంగే.

శుక్రా పింఛను కాగితంలో పుట్టినతేదీ 1936 జూలై 1 అని ఉండేది. బళ్లో చదవనివాళ్లందరికీ ఆఫీసువాళ్లు జూలై 1 రాసేసేవారు. మొన్న అదీ చూశాను, బుధవారం. నెలైనా తెలిస్తే ఎన్‌క్రూమాలాగా లెక్క కట్టేవాణ్ణి. అమ్మని అడిగాను.

"వరి కోతలప్పుడు పుట్టాననేవాడురా," అంది. అంటే జూలై కానే కాదు. కోతలు రెండు నెలలు సాగుతాయి, అందులో శుక్రవారాలు ఎనిమిదో తొమ్మిదో. అక్కడితో ఆగిపోయాను.